మాట మధ్యలో గొంతు లేస్తే

ప్రశ్న: ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెప్తాను. కిందటేడు తెలుగు భాషా దినోత్సవానికి మా ఊరి గ్రంథాలయంలో మాట్లాడుతుంటే వెనక నుంచి ఒకాయన "మరి మీ పిల్లలు ఏ మీడియమమ్మా?" అని గట్టిగా అడిగారు. మా పిల్లలిద్దరూ ఇంగ్లీషు మీడియమే. నోట మాట రాలేదు. చివరికి "అది నీకెందుకు?" అనేశాను. ఆయన నాకంటే చాలా పెద్దాయన. హాలంతా గోల. మిగతా ప్రసంగం ఎలా ముగించానో నాకే తెలియదు. ఈ ఆగస్టులో మళ్ళీ పిలిచారు, 20 నిమిషాలు మాట్లాడమన్నారు. ఇలాంటప్పుడు వెంటనే ఏమనాలి? నాలుగు మాటలు ముందే తయారుచేసి పెట్టుకోవచ్చా?
— ఒక తెలుగు టీచరు

జవాబు: పెట్టుకోవచ్చు. సభల్లో అప్పటికప్పుడు తట్టినట్టు వినిపించే చురుకైన జవాబుల్లో చాలావరకు ఇంట్లో కూర్చుని అనుకున్నవే. అయితే మీరు మొదట తయారుచేసుకోవాల్సింది జవాబు కాదు, జవాబు తర్వాత అనబోయే మాట. కిందటేడు మిమ్మల్ని దెబ్బతీసింది ఆయన ప్రశ్న ఒక్కటే కాదు. ఆ ప్రశ్న తర్వాత మీ ప్రసంగంలోకి తిరిగి వచ్చే దారి మీ దగ్గర లేకపోయింది. ఆ దారి ముందే ఉంటే జవాబు కాస్త పేలవంగా ఉన్నా సభ పట్టించుకోదు. అది లేకపోతే ఎంత గొప్ప చమత్కారం విసిరినా, నవ్వులు ఆగాక "నేనెక్కడున్నాను?" అని కాగితాలు వెతుక్కోవాల్సి వస్తుంది. అడ్డుపడినాయన గెలిచేది అక్కడే.

తెలుగు చెప్తారు కాబట్టి దీనికి మీకు బయటి పాఠాలేమీ అక్కర్లేదు, అష్టావధానం చాలు. ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఒకాయన పనే అడ్డుపడటం. మిగతావాళ్ళు సమస్యో దత్తపదో ఇచ్చి తమ వంతు కోసం ఆగుతారు. అప్రస్తుత ప్రసంగి మాత్రం ఎప్పుడు పడితే అప్పుడు, ముఖ్యంగా అవధాని నిషిద్ధాక్షరిలో ఒక్కో అక్షరాన్నీ తప్పించుకుంటూ నడుస్తున్నప్పుడు, సంబంధం లేని ప్రశ్న ఒకటి వేస్తాడు. అవధాని తలలో అప్పటికి నాలుగైదు పద్యాలు సగం సగం ఉంటాయి. పాదం చొప్పున నాలుగు ఆవృత్తాల్లో వాటిని పూర్తిచేసి, చివర ధారణలో అన్నీ అప్పజెప్పాలి. మధ్యలో వచ్చిన ప్రశ్న దగ్గర అర నిమిషం ఎక్కువ నిలబడితే పాదం జారిపోతుంది.

మాటవరసకి ఒక ప్రశ్న, జవాబు అనుకుందాం. "అవధానిగారూ, ఇంట్లో కూడా ఇలా ఆశువుగానే మాట్లాడతారా?" "ఇంట్లో నాది ధారణ ఒక్కటే నాయనా, ఆశువంతా మా ఆవిడది." సభ నవ్వుతుంది. ఆ నవ్వు ఆగేలోపే అవధాని పద్యంలోకి వెళ్ళిపోతాడు. జవాబు ఒక్క వాక్యమే. అందులో చురక తగిలింది తనకే, అడిగినవాడికి కాదు. ఇంకో చమత్కారం తట్టినా దాన్ని వదిలేశాడు. ఈ చివరిదే అన్నిటికంటే కష్టం. మొదటి చమత్కారానికి నవ్వులు పడ్డాక రెండోది వేయాలని నాలుక దురద పెడుతుంది. రెండోది వేశారంటే అది మీ ప్రసంగం కాదు, ఇద్దరి జుగల్బందీ. మూడో మాట అవతలాయనది అవుతుంది.

ఇప్పుడు మీ సభకి వద్దాం. గొంతు లేవగానే చేయాల్సిన మొదటి పని, నడుస్తున్న వాక్యాన్ని క్రియ దాకా తీసుకెళ్ళడం. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి ఇది మనకు మరీ ముఖ్యం. "మొదటి ఐదేళ్ళూ ఇంట్లో మాట్లాడే భాషలోనే చదువుకున్న పిల్లవాడు లెక్కలో ఏమడిగారో ముందు అర్థం చేసుకుని..." అన్నచోట మీరు ఆగిపోతే, ఆ పిల్లవాడు ఏం చేశాడో హాల్లో ఎవరికీ తెలియదు. అంతసేపు చెప్పిందంతా గాల్లో వేలాడుతుంది. "...ఆ తర్వాతే కలం పట్టుకుంటాడు" అని పూర్తిచేసి ఆగండి. దీనికి రెండు మూడు సెకన్లు పడుతుంది. ఆ రెండు మూడు సెకన్లలోనే మీ గుండెదడ ఒక మెట్టు దిగుతుంది, ఆయన ఏమన్నారో మీ చెవికి పూర్తిగా అందుతుంది. చూసేవాళ్ళకు మాత్రం మీరు బెదరలేదని, మీ మాట మీ చేతిలోనే ఉందని కనిపిస్తుంది. అదే సమయంలో ఎడమచేతి బొటనవేలు కాగితం మీద ఆ పంక్తి దగ్గర పెట్టండి, మళ్ళీ మొదలుపెట్టేదాకా తీయకండి.

తర్వాత ఒక్క విషయం తేల్చుకోవాలి. ఆయన మాట హాలంతా విన్నదా, లేక మీకూ ముందు వరసకీ మాత్రమే వినిపించిందా? తలలు వెనక్కి తిరిగితే హాలు విన్నట్టు. ఎవరూ తిరగకపోతే ఏమీ జరగనట్టు మీ తర్వాతి వాక్యం మొదలుపెట్టండి. మైకు మీ దగ్గరుంది, ఆయన దగ్గర లేదు. ఎవరూ వినని మాటకు మైకులో జవాబిస్తే ఆ మాటను ఊరంతా చాటింది మీరే అవుతారు. హాలు విన్నప్పుడు మాత్రం దాటేయకండి. అందరి చెవుల్లో ఉన్న ప్రశ్నను వినపడనట్టు నటిస్తే "జవాబు లేదు కాబట్టే" అనుకుంటారు. సగం మందికే వినిపించిందనిపిస్తే మీరే మైకులో తిరిగి చెప్పండి, కాస్త మర్యాదగా మార్చి: "మా పిల్లలు ఏ మీడియంలో చదివారని పెద్దాయన అడుగుతున్నారు." ఇలా చెప్పడంలో మూడు లాభాలున్నాయి. ప్రశ్న అందరికీ అందుతుంది, అందులోని పుల్లవిరుపు పోతుంది, జవాబు వెతుక్కోవడానికి మీకు నాలుగు సెకన్లు దొరుకుతాయి.

ఇక జవాబు. మీ విషయంలో చమత్కారం పనికిరాదు. ఎందుకంటే ఆయన అడిగినదాంట్లో నిజం ఉంది, సభకు ఆ నిజం తెలుసు. నిజమున్న ప్రశ్నను హాస్యంతో తప్పించుకుంటే నవ్వుతారు గానీ నమ్మరు. తెలుగు గురించి మాట్లాడే ప్రతివాళ్ళకూ మన సభల్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న తగులుతూనే ఉంటుంది, కాబట్టి దీన్ని ముందే మింగి కూర్చోవాలి. ఇలా అనొచ్చు:

"ఇంగ్లీషు మీడియంలోనేనండీ, ఇద్దరూ. అందుకే మాట్లాడుతున్నాను. ఏం పోయిందో మా ఇంట్లోనే చూశాను."

దీన్ని ముక్కలుగా చూడండి. మొదటిది ఒప్పుకోలు, అదీ సాకులేమీ లేకుండా. "అప్పటి పరిస్థితుల వల్ల", "మా దగ్గర మంచి బడి లేక" అని మొదలుపెడితే రెండో ప్రశ్నకు మీరే పిలక అందించినట్టు. "ఇద్దరూ" అనే మాట కూడా కావాలనే పెట్టాం. ఆయన తవ్వి తీయబోయేది మీరే తవ్వి పెట్టేస్తే ఆయన చేతిలో ఇంకేమీ మిగలదు. తర్వాతి రెండు ముక్కలూ ఆ ఒప్పుకోలునే మీకు హక్కుగా మారుస్తాయి. ఇంతకన్నా పొడిగించకండి. చివరి మాట దగ్గర గొంతు కిందికి దిగాలి. పైకి లేస్తే "ఏమంటారు?" అని అడిగినట్టు వినిపిస్తుంది, ఆయన ఏదో ఒకటి అంటారు కూడా.

ఇక్కడ చాలామంది తప్పుచేసేది కళ్ళతో. జవాబు చెప్పాక కూడా అడిగినాయన వైపే చూస్తూ ఉంటారు. మనం ఒకరిని చూస్తూ ఆగితే "ఇక మీ వంతు" అని అర్థం. కాబట్టి "చూశాను" అనగానే చూపు హాలుకు అవతలి పక్కకు తిప్పండి. ఆయన కుడివైపు వెనక ఉంటే ఎడమవైపు నడి వరసల్లో ఒకరిని చూసి తర్వాతి వాక్యం ఆ మనిషికే చెప్పండి. నవ్వో చప్పట్లో వస్తే పూర్తిగా సద్దుమణిగేదాకా ఎదురుచూడకండి. సగానికి తగ్గగానే మొదలుపెట్టండి. పూర్తి నిశ్శబ్దం వస్తే ఆ ఖాళీలోకి మళ్ళీ ఆయనే దూరతారు.

మొదలుపెట్టేది తిరుగు వాక్యంతో. ముందు తయారుచేసుకోమన్నది దీన్నే. ఎక్కడ ఆగినా పనికొచ్చేలా ఒకటి కంఠతా ఉంచుకోండి: "ఇందాకటి మాట దగ్గరికి వద్దాం." లేదా ప్రశ్నకు మీ విషయానికీ చుట్టరికం ఉంటే: "నేను చెప్పబోయేదీ అదే." ఆ వెంటనే బొటనవేలు ఉన్న పంక్తిలోని వాక్యాన్ని మొదటి నుంచి మళ్ళీ చెప్పండి. "...అర్థం చేసుకుని" దగ్గర నుంచి అందుకోవద్దు. మధ్యలో ఎత్తుకున్న తెలుగు వాక్యానికి తలా తోకా ఉండవు. మొదటి నుంచి చెప్తే, గోలలో మొదటిసారి సరిగ్గా విననివాళ్ళకు కూడా అందుతుంది. ఆయన నోరు తెరిచినప్పటి నుంచి మీరు మళ్ళీ దారిలో పడేసరికి పది, పదిహేను సెకన్లకు మించకూడదు.

ఆయన ఊరుకోకపోతే? "మరి మీరే చేర్పించనప్పుడు మాకెందుకు చెప్తున్నారు?" అంటారు అనుకుందాం. ఇది మొదటిదానికంటే పెద్ద ప్రశ్న, ఒక్క వాక్యంలో తేలదు. ఇక్కడ మాట వాయిదా వేయాలి, కానీ తారీఖు చెప్పి వేయాలి: "అది రెండు ముక్కల్లో తేలేది కాదండీ. చివర పది నిమిషాలు ప్రశ్నలకు ఉంచారు, మొదటి ప్రశ్న మీదే." అని అధ్యక్షుల వైపు తిరిగి "అధ్యక్షులవారు గుర్తుపెట్టుకోవాలి" అనండి. ఇక ఆ మాట నిలబెట్టుకుని తీరాలి. ప్రసంగం అయ్యాక ఆయన ఊరుకున్నా మీరే "పెద్దాయనా, మీ ప్రశ్న" అని పిలవాలి. పిలవకపోతే మరుసటి ఏడాది ఆయన అరవడంలో న్యాయం ఉంటుంది. ప్రశ్నలకు సమయం లేని సభ అయితే ఈ మాట అనకండి. "సభ అయ్యాక గుమ్మం దగ్గర ఉంటాను, మాట్లాడుకుందాం" అని, నిజంగానే అక్కడ నిలబడండి.

మూడోసారి లేస్తే అది మీ పని కాదు, అధ్యక్షులది. మీరు మాట్లాడటం ఆపి, మైకు నుంచి అరడుగు వెనక్కి జరిగి, అధ్యక్షుల వైపు చూడాలి. ఆయన లేచి "వక్తను పూర్తిచేయనివ్వండి, తర్వాత మీకు అవకాశం ఇస్తాను" అంటారు. ఈ సంగతి ముందే ఆయనతో అనుకుని ఉండాలి. సభ మొదలయ్యే ముందు టీ తాగేటప్పుడు "ఎవరైనా రెండుసార్లకు మించి లేస్తే మీవైపు చూస్తాను, కాస్త అందుకోండి" అని చెప్పండి, చాలు. చెప్పకపోతే మన అధ్యక్షుల్లో కొందరు మీరు చూసినప్పుడు తిరిగి మిమ్మల్నే చూస్తారు.

కార్యకర్తలకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి: మీరు అడగకుండా జనంలోకి మైకు ఇవ్వొద్దని. ఎవరో లేచి నిలబడగానే ఉత్సాహంతో కార్డ్‌లెస్ మైకు పట్టుకుని పరిగెత్తే కుర్రాడు ప్రతి సభలోనూ ఉంటాడు. మైకు ఒకసారి అటు వెళ్తే వెనక్కి తెచ్చుకోవడం గగనం.

"అది నీకెందుకు?" గురించి కూడా చెప్పుకోవాలి. సభ మీ మీద తిరగబడింది జవాబు లేనందుకు కాదు. అక్కడ "నీకు" పడింది. మన సభలో పెద్దాయన్ని ఏకవచనంలో అన్న క్షణం నుంచి ఆయన అడిగిన ప్రశ్న అందరూ మరిచిపోతారు, మీ మాట ఒక్కటే మిగులుతుంది. కోపంలో "మీరు" కాస్తా "నువ్వు" అయిపోవడం నోటికి సహజం. దీనికి ఒక చిన్న ఉపాయం ఉంది: ఏ జవాబైనా పిలుపుతో మొదలుపెట్టడం. "పెద్దాయనా", "అన్నా", "మాస్టారూ", "అమ్మా", మీ ప్రాంతంలో ఎలా పిలుస్తారో అలా. పిలుపు నోట్లోంచి వచ్చాక వెనకాలే "నీకెందుకు" రావడం కష్టం. కుర్రాడైతే "తమ్ముడూ" అనొచ్చు, కానీ "బాబూ" వద్దు. ఆ మాట సభలో చిన్నచూపులా వినిపిస్తుంది. అలాగే మనిషి యాస, ఊరు, కులం, చదువు, ఒళ్ళు, తాగుడు, వీటి జోలికి ఏ చమత్కారంలోనూ వెళ్ళకండి. ముఖ్యంగా యాస. తెలుగు గురించి మాట్లాడుతూ ఒకరి తెలుగును వెక్కిరిస్తే, ఆ యాస మాట్లాడేవాళ్ళు హాల్లో ఎంతమంది ఉన్నారో అప్పుడే తెలుస్తుంది.

అడ్డుపడేవాళ్ళందరూ ఒక రకం కాదు కాబట్టి మీకు ఎదురయ్యే మిగతా సందర్భాలకూ తలా ఒక మాట ఉంచుకోండి. అన్నిటికంటే తేలికైనది తప్పు దిద్దేవాళ్ళది. భాషా దినోత్సవం గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి కాబట్టి ఆయన పుట్టిన ఏడాది మీరు ఎలాగూ చెప్తారు. తడబడి 1865 అన్నారనుకోండి. ముందు వరసలోంచి "1863 అమ్మా" అని వినిపిస్తుంది. ఆయన చెప్పిందే నిజం. "1863. దిద్దినందుకు సంతోషమండీ" అని, కలం తీసి కాగితం మీద నిజంగా దిద్దుకోండి. సభకు ఆ దృశ్యం నచ్చుతుంది. టీచరు తప్పు దిద్దుకోవడం రోజూ కనిపించేది కాదు కదా. దిద్దినాయన చెప్పింది నిజమో కాదో మీకు తెలియకపోతే వాదన వద్దు: "మీరన్నదే అయి ఉండొచ్చు, సభయ్యాక పుస్తకంలో చూద్దాం. ఏడాది ఏదైనా పని మాత్రం ఇదీ..." అని ముందుకు సాగండి. ఇలాంటివాళ్ళ మీద చమత్కారం విసరడం శుద్ధ తెలివితక్కువ పని. వాళ్ళు మీ మాట అందరికంటే శ్రద్ధగా వింటున్నవాళ్ళు.

రెండోది చప్పట్లు. తెలుగు సభల్లో వక్తను దించడానికి ఇది పాత ఆయుధం. చప్పట్లు పడాల్సినచోటు కాకపోయినా వెనక నుంచి మొదలవుతాయి, మెల్లగా ముందుకు పాకుతాయి. మెచ్చుకోలు చప్పట్లు వాక్యం చివర ఒక్కసారిగా లేచి తగ్గిపోతాయి. దింపుడు చప్పట్లు వాక్యం మధ్యలో పడతాయి, తాళం వేసినట్టు ఆగకుండా సాగుతాయి. ఇది గుర్తించాక కోపమూ వద్దు, తెలియనట్టు నటనా వద్దు. "చప్పట్ల భావం అర్థమైందండీ. భోజనాల సంగతి నాకూ గుర్తుంది. ఒక్క విషయం, రెండు నిమిషాలు." ఇక రెండు నిమిషాలంటే రెండే. అందుకే ఇంటి దగ్గరే మీ ప్రసంగానికి ఒక అడ్డదారి రాసి పెట్టుకోండి: ఎక్కడున్నా సరే, అక్కడి నుంచి నేరుగా చివరి అంశంలోకి దూకే ఒక పేరా. అధ్యక్షుల నుంచి చీటీ వచ్చినా అదే పేరా ఆదుకుంటుంది. చీటీ వస్తే మైకులో చదవకండి, చూసి తల ఊపి జేబులోనో పుస్తకంలోనో పెట్టుకోండి. "చీటీ వచ్చింది కాబట్టి ముగిస్తున్నాను" అంటే పక్కనున్నవాళ్ళను అవమానించినట్టుంటుంది.

మూడోది నిజంగా బాధతో లేచేవాళ్ళు. భాషా సభలో ఇలాంటి గొంతు ఒకటి వినిపించవచ్చు: "తెలుగు మీడియంలో చదివి మా అబ్బాయికి ఉద్యోగం రాలేదు, దానికేమంటారు?" ఇక్కడ ఏ చమత్కారమైనా క్రూరత్వమే. దీనికి అమెరికా అధ్యక్షుడిగా ఉన్నప్పటి ఒబామా సభ ఒకటి గుర్తుచేసుకోవచ్చు. 2013 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో వలసల చట్టం గురించి ఆయన మాట్లాడుతుంటే, వేదిక మీద ఆయన వెనకే నిలబడ్డ ఒక యువకుడు దేశం నుంచి పంపించేయడాలు ఆపమని అరిచాడు. భద్రతా సిబ్బంది బయటికి తీసుకెళ్ళబోతే ఒబామా వద్దన్నారు, ఉండనివ్వమన్నారు. ఆ యువకుడి వైపు తిరిగి, చట్టం మార్చకుండా తానొక్కడే చేయలేనని, అందుకే కష్టమైన దారి ఎంచుకున్నానని చెప్పి ప్రసంగంలోకి వచ్చారు. ఆ జవాబు అతనికి నచ్చిందా లేదా అన్నది వేరే సంగతి. సభ మాత్రం చేజారలేదు. మీరు అంతసేపు కూడా మాట్లాడక్కర్లేదు: "మీ అబ్బాయి విషయం నిజమేనమ్మా. అలా జరిగినవాళ్ళు ఇంకా ఉన్నారు. దానికి నా దగ్గర ఒక్క మాటలో జవాబు లేదు. మీరు సభ తర్వాత ఉండండి, కూర్చుని మాట్లాడుకుందాం." ఇలా చెప్పేటప్పుడు మాత్రం చూపు పక్కకు తిప్పే సూత్రం పనిచేయదు. చివరి మాటదాకా ఆమె వైపే చూసి, ఒక క్షణం ఆగి, ఆ తర్వాతే ప్రసంగం ఎత్తుకోండి.

తాగి వచ్చినవాళ్ళకు ఏ మాటా వద్దు. ఆయన మీ వాక్యం వినడు, వింటే ఇంకా హుషారవుతాడు. మీ పని మాట్లాడుతూనే ఉండటం. రెండు వైపులా ఇద్దరు కార్యకర్తలు నిలబడి ఉంటే, భుజం మీద చెయ్యేసి బయటికి తీసుకెళ్ళడం వాళ్ళ పని. ఆ సమయంలో ముఖ్యమైన అంశం చెప్పకండి, ఎవరూ వినరు. పాత విషయమే ఇంకో ఉదాహరణతో సాగదీయండి. గుంపుగా నినాదాలు లేస్తే దానికి భిన్నంగా పూర్తిగా ఆగిపోవాలి. మైకులో గొంతు పెంచి వాళ్ళతో పోటీపడితే స్పీకర్లు కుయ్యిమంటాయి, మీ మాట అరుపుగా మారుతుంది. మైకు నుంచి వెనక్కి జరిగి, చేతులు కట్టుకోకుండా నిలబడండి. అర నిమిషం ఆగితే చాలాసార్లు నినాదాల ఊపు తగ్గుతుంది. అప్పుడు మామూలు గొంతుకంటే కాస్త తగ్గించి "మీ మాట విన్నాం. ఇప్పుడు నాది ఐదు నిమిషాలు వినండి" అనండి. తగ్గకపోతే అధ్యక్షులున్నారు.

మనుషులు చేయని అంతరాయాలూ ఉంటాయి. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చి, మీ ప్రసంగం మధ్యలో అందరూ లేచి, దండలూ శాలువాలూ మొదలవడం మన సభలకు కొత్త కాదు. పానకంలో పుడక అని విసుక్కోకుండా ఆ పని మీరే చేతిలోకి తీసుకోండి: "అతిథిగారు వచ్చారు. వారిని ఆహ్వానించాక ఇక్కడి నుంచే అందుకుందాం." తర్వాత మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు కొత్తగా వచ్చినాయన కోసం మొదటి నుంచి చెప్పకండి, ఒక్క వాక్యంలో అప్పటిదాకా చెప్పింది చుట్టేసి ముందుకెళ్ళండి. కరెంటు పోతే "మైకు పోయింది గానీ గొంతు పోలేదండీ, వెనకవాళ్ళు కాస్త ముందుకి రండి" అంటే నవ్వుకుంటూ కుర్చీలు జరుపుకుంటారు. ఎవరిదో ఫోన్ మోగితే ఏమీ అనకండి. ఆ మనిషి అప్పటికే సిగ్గుతో సంచి అంతా వెతుక్కుంటూ ఉంటారు, ఆగి చూస్తే ఇంకా ఇబ్బంది. పాట పూర్తయ్యేదాకా మోగితే మాత్రం "అర్జెంటయితే మాట్లాడేసి రండి, మేమిక్కడే ఉంటాం" అనొచ్చు.

ఇవన్నీ కంఠతా పెట్టుకోవాలని కాదు. ఒక పోస్టుకార్డంత అట్టముక్క తీసుకుని పైన తిరుగు వాక్యం రాయండి. దాని కింద మీ గురించీ మీ విషయం గురించీ ఎవరైనా అనగలిగే అతి కష్టమైన మూడు మాటలు రాయండి. మీ పిల్లల మీడియం ఒకటి ఉండనే ఉంది. మిగతా రెండూ మీకే తెలియాలి. తెలియకపోతే ఇంట్లో పిల్లల్నే అడగండి, మొహమాటం లేకుండా చెప్తారు. ఒక్కోదానికీ రెండు మూడు చిన్న వాక్యాల జవాబు రాసి, బయటికి పలికి చూడండి. ఒకే ఊపిరిలో రానిది పొడుగైనట్టే, కొట్టేయండి. చమత్కారం కంటే ముందు నిజం ఉందో లేదో చూసుకోండి.

తర్వాత ఇంట్లో ఒకరిని అప్రస్తుత ప్రసంగిగా కూర్చోబెట్టండి. మీరు నిలబడి 20 నిమిషాల ప్రసంగం మొత్తం చెప్పాలి, వాళ్ళు తమకిష్టమైన ఆరుచోట్ల అడ్డుపడాలి. ఎక్కడెక్కడో మీకు ముందు తెలియకూడదు. ఫోన్‌లో రికార్డు చేసి, ఒక్కో అంతరాయానికీ వాళ్ళ మొదటి మాట నుంచి మీ తిరుగు వాక్యం దాకా ఎన్ని సెకన్లయిందో రాసుకోండి. మొదటి రోజు అర నిమిషం దాటినా కంగారుపడకండి, ఎక్కడ సాగుతోందో చూడండి. ఎక్కువసార్లు అది జవాబులో కాదు, జవాబు తర్వాత కాగితంలో చోటు వెతుక్కోవడంలో ఉంటుంది. అలా అయితే అక్షరాలు పెద్దవి చేసి, పంక్తుల మధ్య ఖాళీ పెంచి, ప్రతి పేరా మొదటి మాట ఎర్ర సిరాతో రాయండి. మూడు రోజులు ఇలా చేస్తే సరిపోతుంది.

మళ్ళీ ఆ పెద్దాయన ఈ ఏడాదీ రావచ్చు. సభ మొదలవక ముందే కనబడితే మీరే వెళ్ళి పలకరించండి: "కిందటేడు మీ ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పలేదు, మాట కూడా జారాను. ఈసారి ప్రసంగంలోనే చెప్తున్నాను, వినండి." ప్రసంగం మూడో నిమిషంలోపే, ఎవరూ అడగకముందే, "మా పిల్లలిద్దరూ ఇంగ్లీషు మీడియం" అని మీరే అనేయండి. ఇక వెనక వరసలో ఆ ప్రశ్న పట్టుకుని కూర్చున్నవాళ్ళకు లేచే పని ఉండదు.